రివ్యూ అనువాదంలో ఘాటు తగ్గకుండా, పెరగకుండా

కొనుగోలుదారు రాసిన రివ్యూలో రెండు రకాల సంగతులు కలిసి ఉంటాయి. వస్తువుకు ఏం జరిగిందో చెప్పే మాటలు కొన్ని, దాని మీద రాసినవారి అభిప్రాయం ఎంత గట్టిదో చెప్పే మాటలు కొన్ని. మొదటివాటిని తెలుగు నుంచి ఇంగ్లీషులోకి తేవడం సులువే. రెండోవాటిలోనే పొరపాట్లు జరుగుతాయి. అక్కడ తేడా వస్తే ఫిర్యాదు పొగడ్తగా మారవచ్చు, చిన్న అసంతృప్తి పెద్ద ఆరోపణ కావచ్చు.

ఒక మిక్సీ గురించి ఇలాంటి రివ్యూ వచ్చిందనుకుందాం: “చూడ్డానికి బాగానే ఉంది. పప్పు రుబ్బితే పర్వాలేదు గానీ, కొబ్బరి వేస్తే మోత మామూలుగా లేదు. మూడు నెలలకే జార్ అడుగు నుంచి కారుతోంది. సర్వీసు వాళ్లకి ఫోన్ చేస్తే రేపు, ఎల్లుండి అంటున్నారు. ఇంత పోసి కొన్నందుకు ఇదీ మా భాగ్యం.” దీనికి 2 స్టార్లు ఇచ్చారు.

“బాగుంది” అంటే మెచ్చుకోలు. “బాగానే ఉంది” అన్నప్పుడు ఆ మెప్పు ఒక మెట్టు దిగుతుంది, వెనకాల “కానీ” ఒకటి రాబోతోందని కూడా తెలుస్తుంది. కాబట్టి ఇక్కడ “లుక్స్ ఫైన్” సరిపోతుంది, “లుక్స్ వెరీ నైస్” ఎక్కువవుతుంది. “పర్వాలేదు” అన్నదానికి “ఓకే” చాలు. మోత “మామూలుగా లేదు” అన్నదాన్ని “నాట్ నార్మల్” అని రాస్తే మోటారులో లోపం ఉందని చదివేవారు అనుకుంటారు. రాసినవారు చెప్పింది మోత విపరీతమని, అంటే “వెరీ లౌడ్” అని. “రేపు, ఎల్లుండి” అన్న మాటను ఉన్నదున్నట్టు దించితే సర్వీసు వాళ్లు రోజు ఖరారు చేశారన్న అర్థం వస్తుంది. అది వాయిదాల మీద వాయిదాలని చెప్పాలంటే “దే కీప్ పుటింగ్ మి ఆఫ్” అనాలి.

చివరి వాక్యం అన్నిటికంటే ప్రమాదకరమైనది. “ఇదీ మా భాగ్యం” ఎత్తిపొడుపు. మాటకు మాట పెడితే అదృష్టం కలిసొచ్చినట్టు ఉంటుంది. ఇంగ్లీషులోనూ ఎత్తిపొడుపు నిలవాలంటే “సో మచ్ ఫర్ పేయింగ్ ఎక్స్‌ట్రా” లాంటిది కావాలి. అయితే ఎక్కువ ధర పెట్టినట్టు రివ్యూలో స్పష్టంగా ఉంటేనే అది నప్పుతుంది. ఇక్కడ “ఇంత పోసి” అని మాత్రమే ఉంది కాబట్టి “ఐ ఎక్స్‌పెక్టెడ్ బెటర్ ఫర్ ద మనీ” అనడం క్షేమం. వెటకారం కొంత పోతుంది, కానీ విమర్శ మోతాదు నిలుస్తుంది. రెండూ దక్కనప్పుడు మోతాదునే కాపాడుకోవాలి.

ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చేటప్పుడు చిక్కు మరో రకంగా ఉంటుంది. హోటల్ గురించి “ద ఫుడ్ వజ్ నాట్ బ్యాడ్, బట్ ద సర్వీస్ కుడ్ హావ్ బీన్ బెటర్. ఐ వోంట్ బి రషింగ్ బ్యాక్” అని ఉందనుకుందాం. అసంతృప్తిని తగ్గించి చెప్పడం ఇంగ్లీషులో పరిపాటి. “భోజనం చెడ్డగా లేదు, సర్వీసు ఇంకా మెరుగ్గా ఉండవచ్చు” అని రాస్తే మొదటి సగం తెలుగులా ఉండదు, రెండో సగం ఫిర్యాదు కాక సలహా అవుతుంది. “భోజనం బాగానే ఉంది. సర్వీసే ఇంకాస్త బాగుండాల్సింది. మళ్లీ వెళ్లాలని మాత్రం అనిపించలేదు” అంటే అసలు స్థాయి వస్తుంది. “ఇంకెప్పుడూ వెళ్లను” అంటే హద్దు దాటినట్టే.

తప్పు ఎవరి మీద మోపుతున్నారన్నది కూడా మోతాదులో భాగమే. “పగిలి వచ్చింది” అన్న వాక్యంలో దోషి లేరు, “పగిలింది పంపారు” అంటే అమ్మినవారి మీద వేలు చూపినట్టు. అలాగే ధరకు తగ్గ సరుకు రాలేదన్న ఉక్రోషంతో తెలుగులో “మోసం” అనేస్తారు. దాన్ని “ఫ్రాడ్” అని మారిస్తే నేరారోపణలా ధ్వనిస్తుంది. నకిలీ సరుకు, డబ్బు ఎగవేత లాంటి సంగతి రివ్యూలో లేకపోతే “ఐ ఫీల్ చీటెడ్” అనడమే సరైనది.

తెలుగులో కలిసిపోయిన ఇంగ్లీషు మాటలనూ అలాగే వదిలేయకూడదు. “టేస్ట్ ఓకే ఓకే” అంటే అంతంత మాత్రమే అని అర్థం, దానికి ఇంగ్లీషులో “జస్ట్ యావరేజ్” దగ్గరగా ఉంటుంది. మాటల్లో అలవాటుగా దొర్లే “సూపర్” చాలాసార్లు “వెరీ గుడ్” దాటదు.

అనువాదం కుదిరిందో లేదో చూడటానికి ఒక పరీక్ష ఉంది. మూలం చదవని వ్యక్తికి స్టార్లు చూపకుండా అనువాదం ఇచ్చి, ఎన్ని స్టార్లు ఇచ్చి ఉంటారో, ఎవరిని తప్పుపడుతున్నారో అడగాలి. మిక్సీ రివ్యూకి 3 లేదా 4 అని జవాబు వస్తే విమర్శ పలచబడిందన్నమాట. 1 అంటే ఘాటు ఎక్కువైంది. మూలంలోనే మాటలకూ స్టార్లకూ పొంతన లేకపోతే, వాటిని కలపడానికి అనువాదకులు మాటలు మార్చకూడదు. ఆ తేడా రాసినవారిది, అది అనువాదంలోనూ అలాగే కనిపించాలి.