ఏడు చింతగింజలు, ఒక పలక

చేసిన పనే మళ్లీ మళ్లీ చేయడం పిల్లలకు కొత్తేమీ కాదు. ఎక్కాలు వల్లిస్తారు, మైదానం చుట్టూ పరుగెడతారు. అందుకే లూప్ పాఠం చెబుతూ ‘ఒకే పనిని పదేపదే చేయడమే లూప్’ అని పదిసార్లు గుంజిళ్లు తీయిస్తే నవ్వుకుంటారు తప్ప వాళ్లకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు. తెలియాల్సిన సంగతి వేరే ఉంది. తనంతట తాను ఆలోచించలేని యంత్రానికి ఎప్పుడు ఆగాలో ఎలా తెలుస్తుంది? లూప్‌లో అసలు కష్టమంతా ఇక్కడే. దీన్ని నేర్పడానికి కంప్యూటర్ అవసరం లేదు. గుప్పెడు చింతగింజలు, ఒక పలక, సుద్దముక్క చాలు.

కంప్యూటర్ లేకుండా కంప్యూటర్ పాఠాలు చెప్పే ఈ పద్ధతిని ‘అన్‌ప్లగ్డ్’ అంటారు. న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ విశ్వవిద్యాలయానికి చెందిన టిమ్ బెల్, ఆయనతో పాటు ఇయాన్ విటెన్, మైక్ ఫెలోస్ 1990లలో ఇలాంటి ఆటలను ఒక పుస్తకంగా కూర్చారు. ఆ తర్వాత అవి చాలా దేశాల బడులకు చేరాయి. వాటిలో ఒక ఆటలో ఒకరు ఆదేశాలు రాస్తారు, ఒకరు రోబోలా వాటిని పాటిస్తారు, ఇంకొకరు తప్పులు పడతారు. మన గింజల ఆటలోనూ ఇలా పనులు పంచుకోవడమే ముఖ్యం.

ఎవరి పని ఏమిటి

తరగతిని నలుగురేసి జట్లుగా విడగొట్టాలి. ఒకరు బోర్డు మీది ఆదేశాలను వరసగా చదువుతారు. రెండోవారు గింజలు తీస్తారు. మూడోవారి చేతిలో పలక ఉంటుంది. దాని మీద ఎప్పుడూ ఒక్క అంకే ఉండాలి. అంకె మారితే పాతది చెరిపి కొత్తది రాయాలి. కంప్యూటర్ మెమరీ చేసే పని ఇదే. నాలుగోవారు జరిగినదంతా నోట్‌బుక్‌లో రాసుకుంటారు. అందరికీ ఒకటే నియమం: ఆదేశంలో లేనిది చేయకూడదు, ఉన్నది మానకూడదు.

బోర్డు మీద ఆదేశాలు ఇలా రాయాలి:

1. గింజలు లెక్కపెట్టి పలక మీద రాయి.
2. పలక మీద సున్నా ఉందా చూడు. ఉంటే 6కు వెళ్లు.
3. రెండు గింజలు తీసి పక్కన పెట్టు. పలక మీది అంకెలోంచి రెండు తగ్గించు.
4. ఒక్కసారి చప్పట్లు కొట్టు.
5. మళ్లీ 2కు వెళ్లు.
6. ఆగు.

ముందు ఎనిమిది గింజలు ఇవ్వాలి. పలక మీద 8, 6, 4, 2, 0 వస్తాయి. చప్పట్లు నాలుగు. అంతా సవ్యంగా ఆగిపోతుంది. ఇది సరైన ప్రోగ్రామే అని తరగతి అంతా నమ్ముతుంది. ఇప్పుడు ఏడు గింజలు ఇవ్వాలి.

7, 5, 3, 1. ఇక్కడ గింజలు తీసే పిల్లాడు ఆగి టీచర్ వైపు చూస్తాడు. ఒక్క గింజే ఉంటే రెండు ఎలా తీయాలి? టీచర్ ఇక్కడ జాలిపడకూడదు. ‘యంత్రం పలకను మాత్రమే చూస్తుంది, పలక మీద సున్నా ఉందా?’ అని అడగాలి. లేదు. అయితే రెండు తగ్గించాల్సిందే. పలక మీద -1 వస్తుంది, తర్వాత -3, ఆపై -5. సున్నాను దాటేశాం, ఇక ఎన్ని చుట్లు తిరిగినా అది రాదు. చప్పట్లు మాత్రం మోగుతూనే ఉంటాయి. ఎనిమిదో తరగతి పిల్లలకు రుణ సంఖ్యలు తెలుసు కాబట్టి సంగతి వెంటనే అర్థమవుతుంది. ఆగని లూప్ అంటే ఏమిటో ఇక నిర్వచనం చెప్పాల్సిన పని ఉండదు.

పిల్లలనే సరిదిద్దమనాలి. కాసేపు వాదించుకున్నాక రెండో ఆదేశం ఇలా మారుతుంది: ‘పలక మీది అంకె రెండు కంటే తక్కువా? అయితే 6కు వెళ్లు.’ ఈసారి ఏడు గింజలతో ఆట ఒకటి దగ్గర ఆగిపోతుంది.

పిల్లలు తడబడే చోట్లు

సరిదిద్దిన ఆటలోనూ రెండు తప్పులు తరచూ కనిపిస్తాయి. మొదటిది చివరి చప్పట్ల దగ్గర జరుగుతుంది. పలక 3 నుంచి 1కి మారగానే కొందరు అక్కడే ఆగిపోతారు, చప్పట్లు కొట్టరు. ఆగాల్సిన అంకె వచ్చేసింది కదా అని వాళ్ల ఉద్దేశం. షరతును యంత్రం ఎల్లవేళలా కనిపెట్టుకుని ఉంటుందని వాళ్లు అనుకుంటున్నారన్నమాట. నిజానికి అది రెండో ఆదేశం దగ్గరికి వచ్చినప్పుడే చూస్తుంది. మధ్యలో అంకె ఏమైనా, మొదలుపెట్టిన చుట్టు పూర్తి కావాల్సిందే. జట్టు రెండే చప్పట్లు కొట్టిందంటే ఈ అపోహ ఉన్నట్టే. సరిగ్గా చేస్తే మూడు రావాలి.

రెండోది పలకను మరచిపోవడం. గింజలు తీస్తారు గానీ అంకె మార్చరు. గింజలు అయిపోతున్నా పలక మీద 7 అలాగే ఉంటుంది, లూప్ ఆగదు. ప్రోగ్రాములు రాసేవాళ్లు పెద్దయ్యాక కూడా చేసే తప్పే ఇది.

ఇప్పుడు నోట్‌బుక్ తెరిపించి ఒక ప్రశ్న వేయాలి. షరతును ఎన్నిసార్లు చూశాం? ఎక్కువమంది మూడు అంటారు. లెక్కపెడితే నాలుగు: 7, 5, 3 దగ్గర ముందుకు సాగమని, 1 దగ్గర ఆగమని జవాబు వచ్చింది. పని మూడుసార్లు, పరీక్ష నాలుగుసార్లు. ఒక్క గింజతో మొదలుపెడితే పరీక్ష ఒకసారి, పని అసలు జరగదు. చివర్లో ఒకటి ఎక్కువో తక్కువో పడే లెక్కల తప్పులు ఎక్కడినుంచి వస్తాయో దీంతో తెలుస్తుంది.

గింజల నుంచి కోడ్‌కు

ఆట ఇక్కడితో ఆపేస్తే అది ఆటగానే గుర్తుండిపోతుంది. అదే పీరియడ్‌లో ప్రోగ్రామ్‌ను బోర్డు మీద రాసి, ఏ వరస ఎవరి పనో పిల్లల చేత చెప్పించాలి. పైతాన్ భాషలో అది ఇలా ఉంటుంది:

```
ginjalu = 7
chappatlu = 0
while ginjalu >= 2:
    ginjalu = ginjalu - 2
    chappatlu = chappatlu + 1
print(chappatlu, ginjalu)
```

మన ఆదేశం ‘రెండు కంటే తక్కువైతే ఆగు’ అంది. ఇక్కడ షరతు తిరగబడి ‘రెండు గానీ అంతకు మించి గానీ ఉన్నంతవరకు సాగు’ అయింది. ఈ తేడాను పిల్లలు గమనించేలా చూడాలి. కుడివైపు జరిపి రాసిన రెండు వరసలే మళ్లీ మళ్లీ జరుగుతాయి. ఇది అచ్చువేసేది 3, 1. ఏడును రెండుతో భాగిస్తే భాగఫలం 3, శేషం 1. చప్పట్లే భాగఫలం, మిగిలిన గింజే శేషం.

ఈ పద్ధతికి పరిమితి లేకపోలేదు. మనిషి యంత్రం కాదు. ఆదేశంలో లోపం ఉంటే తెలియకుండానే సర్దుకుపోతాడు. ఒక కామానో, ఒక ఖాళీనో తప్పిపోతే యంత్రం ఎలా మొరాయిస్తుందో గింజలు చూపించలేవు. అది కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడే అనుభవానికి వస్తుంది.

ఇంటిపనిగా రెండు మార్పులు ఇవ్వవచ్చు. మొదట పది గింజలతో, రెండుకు బదులు మూడు చొప్పున తీయమనాలి. చప్పట్లు మూడు, మిగిలేది ఒకటి. తర్వాత షరతులోనూ తీసివేతలోనూ ఆ రెండుకు బదులు సున్నా పెట్టమనాలి. ప్రతి చుట్టులో సున్నా గింజలు తీస్తుంటే పలక మీది అంకె మారదు, లూప్ ఆగదు. సున్నాతో భాగించకూడదని లెక్కల మాస్టారు ఎందుకు చెబుతారో అప్పుడు పిల్లలే చెప్పగలరు.