తెరచాటు చెలిమి: ఇబెలిన్ ఉదంతం

నార్వే యువకుడు మాట్స్ స్టీన్ డుషేన్ కండరక్షీణత వ్యాధితో 2014 నవంబరులో, 25 ఏళ్ల వయసులో మరణించాడు. కుమారునికి మిత్రులు లేరని తల్లిదండ్రులు బాధపడేవారు. కాని అతని బ్లాగులో మరణవార్త ప్రకటించగానే పలు దేశాల నుంచి సంతాప లేఖలు వచ్చాయి. అవి 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆటలోని 'స్టార్‌లైట్' బృంద సభ్యులవి. వారికి అతడు 'ఇబెలిన్'.

ఆ బృందంలో సభ్యులు తమ పాత్రల పేర మాటలు టైపు చేస్తూ కథ నడిపేవారు. పరిచయానికి ఆట కారణమైనా, అనుబంధానికి ఆట వెలుపలి విషయాలు కారణమయ్యాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఒక సభ్యురాలి కంప్యూటరును తల్లిదండ్రులు తీసివేసినప్పుడు, ఆమెకు ఆ స్నేహాలు ఎంత అవసరమో వివరిస్తూ మాట్స్ వారికి లేఖ రాశాడు. ఆసక్తి ఆత్మీయతగా మారిన ఘట్టమిది.

అయితే అతడు తన వ్యాధిని చాలాకాలం దాచాడు. గొంతుతో మాట్లాడే సంభాషణలకు దూరంగా ఉన్నాడు. రాతలో వ్యక్తి తనకు నచ్చిన అంశాలనే చూపగలడనీ, చదివేవారు మిగిలినవాటిని ఉదారంగా ఊహించుకుంటారనీ జోసెఫ్ వాల్తర్ 1996లో ప్రతిపాదించారు. అందువల్ల సాన్నిహిత్యం త్వరగా పెరిగినా, ఎరుక వెనుకబడుతుంది. ఒకరే కష్టాలు చెప్పుకోవడం, మరొకరు వినడానికే పరిమితం కావడం దీనికి గుర్తు. 2013లో మొదలైన బ్లాగు ద్వారా మిత్రులకు అతని స్థితి తెలిసింది. స్నేహం తెగలేదు, వారిలో కొందరు అంత్యక్రియలకు నార్వే వెళ్లారు.