770 డిగ్రీల దగ్గర ఇనుము కోల్పోయేది

800 డిగ్రీల సెల్సియస్‌కు కాలిన ఇనుప మేకు అయస్కాంతానికి అంటుకోదు. ఇనుము కరిగేది 1538 డిగ్రీల దగ్గర. కాబట్టి ఇక్కడ మేకు ఘనంగానే ఉంది, చెదిరింది లోపలి అయస్కాంత క్రమం.

ఇనుములో ప్రతి పరమాణువూ ఒక చిట్టి అయస్కాంతం. ఎలక్ట్రాన్ల మధ్య పనిచేసే క్వాంటం ప్రభావం పక్కపక్క పరమాణువులను ఒకే దిశకు తిప్పి నిలుపుతుంది. ఇదే ఫెర్రో అయస్కాంతత్వం. వేడి పెరిగేకొద్దీ ఆ వరుస సడలుతుంది. 770 డిగ్రీల దగ్గర పూర్తిగా చెదిరిపోతుంది. ఈ హద్దును క్యూరీ ఉష్ణోగ్రత అంటారు. అది దాటిన ఇనుము పారా అయస్కాంతం. అల్యూమినియంలాగే అయస్కాంతం దాన్ని చాలా బలహీనంగా లాగుతుంది. మేకు చల్లారితే క్రమం తిరిగొస్తుంది. అయితే అది చిన్న చిన్న ప్రాంతాలుగా, తలో దిక్కుకూ ఏర్పడుతుంది. అందుకే కాల్చిన అయస్కాంతం చల్లారినా మునుపటి బలం తిరిగి పొందదు.

మాంగనీస్ ఆక్సైడ్‌లోనూ క్రమం ఉంది. కానీ దానిలో సగం పరమాణువులు ఒక దిశకు, సగం ఎదురు దిశకు తిరిగి ఉండడంతో మొత్తం బలం సున్నా. ఈ యాంటీఫెర్రో అమరికను 1949లో షల్, స్మార్ట్ న్యూట్రాన్లతో గుర్తించారు. సుమారు మైనస్ 155 డిగ్రీలు దాటితే అదీ చెదిరి, పదార్థం పారా అయస్కాంతమవుతుంది. ఈ హద్దు పేరు నీల్ ఉష్ణోగ్రత.

నీరు, బిస్మత్ డయా అయస్కాంతాలు. వాటి పరమాణువులకు వరుసలో నిలిచే శాశ్వత అయస్కాంతత్వం లేదు. బయటి క్షేత్రం తగిలినప్పుడు మాత్రం దాన్ని స్వల్పంగా వికర్షిస్తాయి. చెదిరే క్రమమే లేదు కనుక వాటికి అలాంటి ఉష్ణోగ్రత హద్దూ లేదు.