సగం వేడి ఎటు పోయింది?

స్పిరిట్ దీపం మీద రాగి డబ్బా, అందులో 150 గ్రాముల నీళ్లు, నీళ్లలో థర్మామీటరు. ఇథనాల్ దహనోష్ణం కొలిచే ఈ ప్రయోగంలో లెక్క చూసుకునేసరికి విద్యార్థుల ముఖాలు చిన్నబోతుంటాయి. నీళ్లు 28 డిగ్రీల నుంచి 58 డిగ్రీలకు వేడెక్కాయనుకుందాం. వాటికి అందిన వేడి 150 × 4.18 × 30, అంటే 18.8 కిలోజౌళ్లు. దీపం బరువు 1.30 గ్రాములు తగ్గింది. గ్రాము ఇథనాల్‌కు 29.7 కిలోజౌళ్లని పుస్తకం అంటుంది కాబట్టి రావలసింది 38.6. వచ్చింది సగం కూడా లేదు.

రికార్డులో ‘చర్చ’ దగ్గర చాలామంది "వేడి బయటికి పోయింది, కొలతల్లో పొరపాట్లు జరిగాయి" అని రాసి చేతులు దులుపుకుంటారు. అబద్ధమేమీ కాదు. కానీ ఎంత పోయిందో చెప్పకపోతే అది చర్చ కాదు.

కొలతల పొరపాటును ముందే పక్కన పెట్టవచ్చు. థర్మామీటరు ఒక్కో రీడింగులో అర డిగ్రీ తప్పినా, 30 డిగ్రీల తేడాలో అది మూడు శాతం చిల్లర. పైగా అలాంటి తప్పు ఒకసారి ఎక్కువ చూపిస్తే మరోసారి తక్కువ చూపిస్తుంది. ఎన్నిసార్లు చేసినా విలువ తక్కువే వస్తోందంటే, వేడి ప్రతిసారీ ఏదో దారిన జారిపోతోందన్నమాట.

ఆ దారులకు లెక్క కట్టాలి. డబ్బా బరువు 120 గ్రాములైతే, రాగి విశిష్టోష్ణం 0.385 ప్రకారం అది తాగింది 1.4 కిలోజౌళ్లు. చివర్లో నీళ్లను మళ్లీ తూచినప్పుడు ఒక గ్రాము తగ్గితే, ఆవిరి పట్టుకుపోయింది దాదాపు 2.4. మరొకటి ఎవరికీ తట్టదు: పుస్తకంలోని 29.7, దహనంలో పుట్టిన నీరు ద్రవంగా మారినప్పటి విలువ. మంట దగ్గర ఆ నీరు చాలావరకు ఆవిరిగానే వెళ్లిపోతుంది. అలా లెక్కిస్తే గ్రాముకు దక్కేది 26.8 మాత్రమే. అంటే మరో 3.8 కిలోజౌళ్ల దాకా డబ్బాకు అందే అవకాశమే లేదు.

ఇవన్నీ కలిపినా 26.4 అవుతుంది. ఇంకా 12.2 తేలాలి. ఆ పెద్ద వాటా డబ్బా పక్కల నుంచి పైకి లేచిన వేడి గాలిదీ, అడుగున పట్టిన మసిదీ. మసి అంటే పూర్తిగా కాలని కార్బన్. అందులోని శక్తి ఇంకా బయటపడలేదు. దీపాన్ని ఆర్పగానే మూత పెట్టకపోతే వత్తి నుంచి ఆవిరైన స్పిరిట్ కూడా మండినదాని ఖాతాలోనే పడుతుంది.

ఈ వాటాలను విడదీయడానికి పరీక్షలున్నాయి. దీపం చుట్టూ రేకు అడ్డుపెట్టి మళ్లీ చేస్తే విలువ పెరిగిందా, వేడి పక్కల నుంచి పోతున్నట్టు. అడ్డు పెట్టాక మసి ఎక్కువైందా, మంటకు గాలి చాలడం లేదు.

ప్రయోగశాలల్లో అందుకే బాంబ్ కెలోరీమీటరు వాడతారు. ఇంధనాన్ని ఒత్తిడితో ఆక్సిజన్ నింపిన ఉక్కు పాత్రలో, నీళ్ల మధ్య మండిస్తారు. అంత కట్టుదిట్టమైన పరికరాన్ని కూడా ముందుగా, గ్రాముకు 26.4 కిలోజౌళ్లిచ్చే బెంజోయిక్ ఆమ్లాన్ని మండించి సరిచూసుకుంటారు.