ఉమ్మడి డాబా: సభ్యులకు ఒక విన్నపం

తెనాలిలో మా యిరవై యిళ్ళ సముదాయానికి నేను కార్యదర్శిని. అయిదు అంతస్తులు, అంతస్తుకు నాలుగు యిళ్ళు, అందరి నెత్తినా ఒకే డాబా. ఆ డాబా కారుతున్నది. దానికి నీరు దిగకుండా మళ్ళీ పూత వేయించడానికి సభ్యుల అంగీకారం కోరుతూ ఒక లేఖ వ్రాయవలసి వచ్చింది. "డాబా కారుతున్నది, యింటికి ఇంత యివ్వండి" అని రెండు పంక్తులు వ్రాస్తే పని జరగదని త్వరలోనే తెలిసింది. క్రింది అంతస్తులోని పెద్దలొకరు నన్ను మెట్ల దగ్గర ఆపి, "కార్యదర్శి గారూ, వాన మా యింట్లో పడటం లేదు కదండీ! కారేవాళ్ళు బాగుచేయించుకోవాలి గాని, మేమెందుకివ్వాలండీ?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. లేఖ దానికి సమాధానం కావాలి.

మొదట హక్కు మాట. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్టుమెంట్ల చట్టం ప్రకారం పునాదులు, స్తంభాలు, దూలాలు, మెట్లు, పైకప్పు యివన్నీ ఉమ్మడి భాగాలు. వాటిలో ప్రతి యింటివారికీ విడదీయరాని వాటా వున్నది. కాబట్టి డాబా పై అంతస్తువారి సొత్తు కాదు, వారి కర్మా కాదు. కాని చట్టం చెప్పగానే మనసు ఒప్పుకోదు. స్లాబులో ఏమి జరుగుతున్నదో తెలిస్తే ఒప్పుకుంటుంది.

స్లాబు బలం కాంక్రీటులో ఎంత వున్నదో, దాని అడుగుభాగాన వుండే ఇనుప చువ్వలలోనూ అంత వున్నది. మంచి కాంక్రీటులో వున్నంతకాలం ఆ చువ్వలు త్రుప్పుపట్టవు. నీరు, గాలి ఏళ్ళ తరబడి లోనికి దిగితే ఆ రక్షణ పోతుంది. త్రుప్పు అసలు ఇనుముకంటె రెండింతలకు మించి చోటు ఆక్రమిస్తుంది. ఆ ఉబ్బుకు అడుగునవున్న కాంక్రీటు చీలి, పెచ్చులై రాలుతుంది. ఆ దశలో నష్టం పూతతో తీరదు. చువ్వలు శుభ్రం చేసి, సన్నబడినచోట క్రొత్తవి జతచేసి కట్టవలసివుంటుంది. సముద్రపు గాలి తగిలే బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో గాలిలోని ఉప్పు చెమ్మతో కలిసి లోనికి చేరుతుంది గనుక అక్కడ ఈ వ్యాధి మరింత త్వరగా ముదురుతుంది. ఈనాడు నాలుగు యిళ్ళలో కనబడుతున్న మరక రేపు కట్టడం మొత్తానికి ప్రశ్న అవుతుంది. అమ్ముకోదలచిన క్రింది యింటివారికైనా కొనేవారు పైకెక్కి చూడకమానరు.

ఇక కారణం ఎక్కడ వున్నదన్న విషయం. నీరు ఒకచోట దిగి మరొకచోట కనబడటం దీని స్వభావం. పైనున్న గచ్చుకూ స్లాబుకూ మధ్య అది ప్రాకి, సందు దొరికినచోట క్రిందికి దిగుతుంది. అందువలన పడకగదిలో మరక కనబడ్డచోట పైన పూత వేసి ఊరుకుంటే పని వ్యర్థం. మా సముదాయంలో రెండుసార్లు అలాగే చేశారు.

మొదట అడుగవలసిన ప్రశ్న, మరక ఎప్పుడు పెరుగుతున్నది? ఏప్రిల్ ఎండలలో కూడా తడి ఆరకపోతే అది వాననీరు కాదు. నీళ్ళ ట్యాంకు నుండో, గోడలో దాగిన గొట్టం నుండో వస్తున్నది. నిటారుగా కురిసే వానకు కారక, గాలివానకు మాత్రమే కారితే, తప్పు డాబాలో కాక పిట్టగోడలో వుండే అవకాశం ఎక్కువ. గాలి వానను అడ్డంగా గోడలోని బీటలలోకి కొడుతుంది. 2023 డిసెంబరు 5వ తేదీన మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినది. తుపాను వానకు మాత్రమే తడిసిన గోడలున్నవారు ఈ తేడాను గమనించాలి.

తరువాత మేము నీరు నిలిపి చూశాము. మా డాబా పొడవు 80 అడుగులు, వెడల్పు 50 అడుగులు. దానిని బంకమట్టి గట్లతో నాలుగు మళ్ళుగా విభజించి, వాన లేని రోజులలో ఒక్కొక్క మడిలో అంగుళం లోతు నీరు రెండు రోజులపాటు నిలిపాము. అంగుళం నీటి బరువు చదరపు అడుగుకు రెండున్నర కిలోల లోపే. దానివల్ల స్లాబుకు భయం లేదు. క్రింద చెమ్మ అంచులను సుద్దతో గీసి, ప్రక్కన తేదీ వేశాము. డాబా నడిమి భాగంలో నీరు దిగలేదు. దిగినది రెండుచోట్ల: నీరు పోయే తూముల నోటివద్ద, పిట్టగోడ స్లాబుతో కలిసే మూలలో. ఇలా కావడం సహజమే. గోడ, స్లాబు ఎండకు ఒకే విధంగా వ్యాకోచించవు. ఆ కలయికలో వెంట్రుకవాసి బీట పడుతుంది. నీరు కూడా అక్కడికే చేరుతుంది.

కర్రసుత్తితో గచ్చును తట్టుతూ పోగా డాబాలో సుమారు మూడవవంతు డొల్లగా పలికింది. అంటే గచ్చు స్లాబును విడిచిపెట్టింది. వాలు కూడా చెడినది. నీరు నిలువకుండా తూమువైపు పోవాలంటే నూరు అంగుళాల దూరానికి కనీసం అంగుళం పల్లం వుండాలి. మా డాబాపై వాన వెలిసిన మర్నాడు కూడా మూడుచోట్ల మడుగులు కనబడుతున్నవి.

ఇక్కడ ఒక సభ్యుడు సులభమార్గం సూచించాడు: పాత గచ్చు పగులగొట్టడం ఎందుకు, దానిమీదనే మరొక నాలుగంగుళాలు ఇటుకముక్కల కాంక్రీటు పరిస్తే సరిపోదా? ధూళి, శబ్దం, ఖర్చు తగ్గుతాయన్నమాట నిజమే. కాని లెక్కవేసి చూడండి. నాలుగంగుళాల ఆ పొర చదరపు అడుగుకు సుమారు 18 కిలోలు తూగుతుంది. మా 4,000 చదరపు అడుగులకు 70 టన్నులు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకు ఇంజనీర్లు సాధారణంగా లెక్కగట్టే భారం చదరపు మీటరుకు 150 కిలోలు, అనగా చదరపు అడుగుకు 14 కిలోలు. మనుషులకై విడిచిన సత్తువనంతా పొర ఒక్కటే తినివేసి యింకా అడుగుతుంది. పైగా క్రింది డొల్లలో చిక్కిన నీరు అక్కడే వుండిపోతుంది. కాబట్టి పాతది తొలగించవలసిందే. తెల్లని చలువ రంగు వేద్దామన్నది మరొక సూచన. ఆ రంగు ఎండను తిప్పికొడుతుంది, యిల్లు చల్లబడుతుంది. కాని బీటను మూయదు.

పని వరుస యిది. డొల్ల గచ్చు తీసి స్లాబును కడిగి పరీక్షించాలి. బీటలను విప్పి నింపాలి. తూములవైపు వాలుగా సిమెంటు పొర పోసి వారం రోజులు తడపాలి. పిట్టగోడ మూలను నిలువు కోణంగా విడువక వంపుగా తీర్చాలి. ఎందుకంటే పదునైన మూలలో పూత పలుచబడి చిట్లుతుంది. అటుపిమ్మట పొర ఆరనివ్వాలి. మేస్త్రీలు తొందరపడేది యిక్కడే. తడి పొరపై పూత వేస్తే ఎండకు లోపలి చెమ్మ ఆవిరై పూతను బొబ్బలుగా లేపుతుంది. తెలుసుకునే ఉపాయం సులభమైనది. మూరెడు ప్లాస్టిక్ కాగితాన్ని అంచులు అంటించి ఒక రాత్రి వుంచి, ఉదయం ఎత్తి చూడాలి. అడుగున నీటిబొట్లు వుంటే యింకా ఆగవలసిందే. ఆరిన తరువాత సాగే గుణంగల పూతను రెండుసార్లు, మొదటిది నిలువుగా, రెండవది అడ్డంగా వేసి, గోడమీద అడుగు ఎత్తువరకు, తూము నోటి లోపలివరకు తీసుకొనిపోవాలి. మళ్ళీ రెండు రోజులు నీరు నిలిపి చూచి, కారలేదని తేలిన పిదప పైన రక్షణగా పలుచని గచ్చు వేయాలి.

మన ప్రాంతంలో జూను నుండి సెప్టెంబరు వరకు నైరుతి వానలు, ఆపైన తుపానుల కాలం. పొర ఆరడానికి నమ్మకమైన ఎండ ఫిబ్రవరి నుండి మే వరకే వున్నది. అందుచేత సమావేశం జనవరిలో జరగాలి. అప్పుడు తీర్మానం దాటిపోతే, మరొక వానాకాలం ఆ నాలుగు యిళ్ళవారు గిన్నెలు పరచుకుని మేలుకోవలసిందే.

ఖర్చు లెక్క దాచలేదు. డాబా 4,000 చదరపు అడుగులు. పిట్టగోడ చుట్టుకొలత 260 అడుగులు, అడుగు ఎత్తున 260. ట్యాంకు దిమ్మెలకు 40. మొత్తం 4,300. మాకు వచ్చిన మూడు ధరలలో పనులన్నీ వివరంగా వ్రాసి యిచ్చినది చదరపు అడుగుకు 120 రూపాయలు. వెరసి 5,16,000 రూపాయలు. మా యిళ్ళన్నీ ఒకే కొలత గనుక యింటికి 25,800. ఇంకా తక్కువ ధర ఒకటి వున్నది గాని, అందులో పాత గచ్చు తొలగింపూ లేదు, గోడమీదికి తీసే పూతా లేదు. స్లాబు విప్పినపుడు త్రుప్పు చువ్వలు బయటపడితే ఆ ఖర్చు వేరు. దానికి మళ్ళీ సమావేశాన్ని అడుగుతామని లేఖలోనే వ్రాశాను.

చివరకు సభ్యులను కోరినది యిది: పైన చెప్పిన పనిని, మొత్తాన్ని ఆమోదించడం, పర్యవేక్షణకు ముగ్గురిని నియమించడం, అందులో ఒకరు క్రింది అంతస్తువారై వుండటం, గుత్తేదారుకు పదవవంతు సొమ్ము ఒక వానాకాలం గడిచేవరకు ఆపివుంచడం. పూత శాశ్వతం కాదని కూడా వ్రాశాను. ఏటా మే నెలలో తూముల నోళ్ళలోని ఆకులు, మట్టి తీయాలి. డాబాపై ఎవరూ మేకు దించరాదు, డిష్షుకో, సౌరఫలకాలకో సంఘానికి చెప్పకుండా రంధ్రం వేయరాదు.

లేఖ చదివిన క్రింది అంతస్తు పెద్దలు సుద్దగీతలు చూస్తామని పైకి వచ్చారు. గోడమీద మూడు తేదీలు, మూడు గీతలు, ఒకదానికంటె ఒకటి వెడల్పు. కాసేపు నిలబడి చూచి, "ఆ ముగ్గురిలో నా పేరు వ్రాసుకోండి" అన్నారు.