1765 ఆగస్టు 17, శనివారం: అచ్చుకాని మొదటి పేజీ

మన దేశంలో అచ్చయిన మొదటి వార్తాపత్రిక హికీ దొర బెంగాల్ గెజిట్. 1780 జనవరి 29న కలకత్తాలో బయటికొచ్చింది. ఇంకో పదిహేనేళ్లు ముందే అచ్చుపత్రిక అంటూ ఉండి, అదీ తెలుగులో ఉండి ఉంటే, పేజీ ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బ్యానర్ పెట్టాల్సిన వార్త ఒకటి అలహాబాద్‌లో పుట్టింది. బళ్లో మనమంతా తేదీతో సహా బట్టీపట్టి, పరీక్ష అయ్యాక మరిచిపోయిన అలహాబాద్ సంధే అది. చాలాకాలం డెస్కులో కూర్చుని హెడ్డింగులు పెట్టిన అలవాటు పోక, ఆ రోజు మొదటి పేజీ ఎలా ఉండేదో ఈమధ్య వేసి చూసుకున్నాను. పత్రిక పేరు మీకు నచ్చింది పెట్టుకోండి.

ముందు తేదీ దగ్గరే పేచీ. బాదుషా రెండో షా ఆలం బెంగాల్, బిహార్, ఒరిస్సాల దివానీని ఈస్టిండియా కంపెనీకి రాసిచ్చింది ఆగస్టు 12, సోమవారం. అవధ్ నవాబు షుజా ఉద్దౌలాతో సంధి సంతకాలు అయింది 16, శుక్రవారం. పాఠ్యపుస్తకాలు రెంటినీ కలిపి ‘అలహాబాద్ సంధి’ అనేస్తాయి. నిజానికి మొదటిది ఫర్మానా, రెండోది ఒడంబడిక. రెండూ ఒకే పేజీలో పట్టాలంటే పత్రిక శనివారం నాటిదై ఉండాలి. అందుకే 17వ తేదీ వేశాను.

ఇక హెడ్డింగ్. ‘అలహాబాద్‌లో సంధి’ అని పెడితే అది హెడ్డింగ్ కాదు, ఊరిపేరు చెప్పడం. ‘బాదుషాకు ఏటా 26 లక్షలు’ అన్నది దర్బారు వాళ్లకు నచ్చే మాట. పుచ్చుకున్నది కనిపిస్తుంది, ఇచ్చింది కనిపించదు. ‘కంపెనీకి బెంగాల్ దివానీ’ నిక్కమైన నిజమే కానీ, చదివేవాడికి దివానీ అంటే ఏమిటో తెలియాలి కదా. మొగలుల ఏర్పాటులో సుబాకు రెండు చేతులు. సైన్యం, నేరాల విచారణ నిజామత్ చేతిలో ఉండేవి. శిస్తు వసూలు, ఆస్తి తగాదాల తీర్పు దివాన్ చేతిలో ఉండేవి. ఇద్దరూ ఒకరి మీద ఒకరు కన్నేసి ఉండాలని పాదుషాలు కావాలనే అలా విడదీశారు. ఆ రెండో చెయ్యి ఇప్పుడు ఒక వర్తక సంఘానిదైంది. కాబట్టి నా పేజీ ఇలా మొదలైంది:

మూడు సుబాల శిస్తు కంపెనీ చేతికి
*బాదుషాకు ఏటా 26 లక్షలు.. అవధ్ నవాబుపై 50 లక్షల పరిహారం*

అలహాబాద్, ఆగస్టు 16: బెంగాల్, బిహార్, ఒరిస్సా సుబాల్లో శిస్తు వసూలు చేసుకునే అధికారాన్ని బాదుషా షా ఆలం ఈస్టిండియా కంపెనీకి శాశ్వతంగా దఖలుపరిచారు. ప్రతిగా కంపెనీ ఏటా 26 లక్షల రూపాయలు చెల్లిస్తుంది. అలహాబాద్, కోరా జిల్లాలు బాదుషా పోషణకు దక్కుతాయి. నిరుడు అక్టోబరులో బక్సర్ వద్ద ఓడిన షుజా ఉద్దౌలాకు ఆయన రాజ్యం తిరిగి ఇచ్చేందుకు ఒప్పందం కుదిరింది. యుద్ధ ఖర్చుల కింద ఆయన 50 లక్షలు కట్టాలి. కంపెనీ ఆయన రాజ్యంలో సుంకం లేకుండా వ్యాపారం చేసుకోవచ్చు.

లీడ్ వార్త ఇంతే. అందులో నాకు నచ్చని మాట ఒక్కటే, ‘మూడు సుబాలు’. ఫర్మానాలో అలాగే ఉంది కాబట్టి మార్చలేను. కానీ ఒరిస్సా అప్పటికి పద్నాలుగేళ్లుగా నాగపూర్ మరాఠాల కింద ఉంది. కంపెనీకి ఒరిస్సా పేరుతో నిజంగా దొరికింది మిద్నాపూర్ ప్రాంతమే. అంటే బాదుషా తన చేతిలో లేనిది కూడా రాసిచ్చాడు. ఆ మాటకొస్తే ఢిల్లీ కూడా ఆయన చేతిలో లేదు. ఓడిన పక్షంలో ఉండి, గెలిచినవాడి అండన చేరిన ముప్పై ఏడేళ్ల మనిషి. ఆయన దగ్గర మిగిలిందల్లా ముద్ర. ఆ ముద్ర పడితే దోపిడీ దస్తావేజవుతుందని క్లైవుకు తెలుసు. సైన్యంతో ఎటూ గెలిచేసినవాడు కాగితం కోసం అంత దూరం రావడానికి కారణం అదే.

పేజీ మధ్యలో బొమ్మ పడాలి. అందరికీ తెలిసిన బొమ్మ ఒకటుంది. బెంజమిన్ వెస్ట్ అనే చిత్రకారుడు దశాబ్దాల తర్వాత లండన్‌లో కూర్చుని గీసింది. ఎత్తయిన సింహాసనం, బంగారు గొడుగు, ఏనుగులు, వంగి అందుకుంటున్న క్లైవు. ఆ చిత్రకారుడు ఈ దేశంలో కాలుపెట్టలేదు. జరిగింది క్లైవు డేరాలో. సింహాసనం లేదు. దొర భోజనాల బల్ల మీద ఓ చేతుల కుర్చీ ఎక్కించి, దానిమీద పూల అద్దకం దుప్పటి కప్పి, బాదుషాను కూర్చోబెట్టారు. నేనైతే ఆ బల్ల కాళ్లు కనిపించే బొమ్మే వేస్తాను. క్యాప్షన్ కూడా అక్కర్లేదు. ఆ కాలం చరిత్ర రాసిన గులాం హుసేన్ ఖాన్, ఇంత పెద్ద వ్యవహారం ఒక గాడిద బేరానికి పట్టేపాటి సమయం కూడా పట్టకుండా తేలిపోయిందని వాపోయాడు. ముందుగా రాయబారాలు లేవు, విలాయతు రాజుతో సంప్రదింపులు లేవు.

బొమ్మ పక్కన లెక్కల బాక్స్. ఇందులో చిన్న మోసం చేశాను. ఈ అంకెలు సెప్టెంబరు 30న క్లైవు తన డైరెక్టర్లకు రాసిన ఉత్తరంలోవి. కానీ ఇవి లేకపోతే హెడ్డింగ్ బరువు తెలియదు.

లెక్క ఇదీ

శిస్తు రాబడి అంచనా 250 లక్షలు. అందులో కొలువు, సైన్యం ఖర్చు 60 లక్షలు. నవాబు భత్యం 42 లక్షలు. బాదుషాకు 26 లక్షలు. పోగా కంపెనీకి మిగులు 122 లక్షలు.

మిగులు దగ్గర ఒక్క క్షణం ఆగండి. మూడు సుబాల యజమాని అనిపించుకున్న బాదుషాకు వచ్చేది వసూలులో పదో వంతు. వసూలు చేసిపెట్టే గుమాస్తాకు దాదాపు సగం. అప్పటిదాకా కంపెనీ బెంగాల్లో బట్టలు, పట్టు కొనాలంటే ఇంగ్లండు నుంచి ఓడల్లో వెండి తెచ్చి పోయాల్సివచ్చేది. ఇక ఆ బెడద తీరింది. ఇక్కడి రైతు కట్టిన శిస్తుతోనే ఇక్కడి నేతగాడి బట్ట కొని, ఓడెక్కించి, లండన్‌లో అమ్ముకోవచ్చు. సరుకు పోతుంది, దానికి బదులు ఏమీ రాదు. దీన్ని వాళ్లు ‘పెట్టుబడి’ అని రాసుకున్నారు. డెస్కులో ఏ సబ్ ఎడిటరైనా ఆ మాట చుట్టూ కొట్లు పెట్టి తీరతాడు.

అంచనా మాత్రం అంచనాగానే మిగిలింది. సైన్యం ఖర్చు క్లైవు గీసిన గీత దగ్గర ఆగలేదు. 1769-70లో బెంగాల్లో ఘోరమైన కరువొచ్చింది. 1772 నాటికి ఇదే కంపెనీ లండన్‌లో చేతులెత్తేసి ప్రభుత్వాన్ని అప్పు అడిగింది. మొదటి పేజీలో పెద్ద అంకె కనిపిస్తే, అది చేతికొచ్చిందా, వస్తుందని ఎవరైనా చెప్పారా అని చూడమనేది ఇందుకే.

ఒక వార్త కంపోజ్ చేశాక తీసేశాను. నెల నెలా భత్యం ఖాయమైందని తెలిసి బెంగాల్ కుర్ర నవాబు నజ్ముద్దౌలా, ఇక కావలసినంతమంది ఆటకత్తెలను పెట్టుకోవచ్చని సంబరపడ్డాడట. బాక్స్ ఐటమ్‌కు ఇంతకంటే రుచైన సరుకు దొరకదు. కానీ చెప్పింది ఎవరు? క్లైవు. గద్దె కొన్నవాడు అమ్మినవాడి గురించి చెప్పే కబురు ఒక్క మనిషి మాట మీద వేయకూడదు.

ఇప్పుడు పేజీ అడుగున, కుడివైపు, సింగిల్ కాలమ్. తెలుగు పాఠకుడు వెతుక్కునేది ఇదే.

ఉత్తర సర్కార్లూ కంపెనీకే

అలహాబాద్, ఆగస్టు 16: శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు సర్కార్లను కూడా బాదుషా కంపెనీకి ప్రసాదించారు. 12వ తేదీతోనే ఈ ఫర్మానా వెలువడింది. హైదరాబాద్ నుంచి నిజాం అలీ ఖాన్ స్పందన తెలియాల్సి ఉంది.

ఇచ్ఛాపురం అవతల నుంచి గుంటూరు దాకా కోస్తా అంతా మూడు వాక్యాల్లో చేతులు మారింది. ఈ వార్త పైకి ఎక్కిద్దామా అని చాలాసేపు తటపటాయించాను. చివరికి అడుగునే ఉంచాను, ఎందుకంటే ఆ రోజుకు ఇది జరగని వార్త. సర్కార్లు బాదుషావి కావు, నిజాంవి. కంపెనీ చేతిలో ఉన్నది 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివాళ్ల దగ్గర కొట్టుకున్న మచిలీపట్నం, దాని చుట్టుపట్ల భూములే. ఒరిస్సా సంగతే ఇక్కడా. కాగితం ఒకరిది, నేల ఇంకొకరిది.

అసలు కథ ఏడాది తర్వాతది. 1766లో జనరల్ కయిలాడ్ సేనతో వచ్చి కొండపల్లి కోట పట్టుకున్నాడు. నిజాం కోపం తెచ్చుకున్నాడు, యుద్ధమొస్తుందని మద్రాసు దొరలు జంకారు. మచిలీపట్నం కంపెనీ దుబాసీ కాండ్రేగుల జోగిపంతులు దర్బారులో రాయబారం నడిపాడు. 1766 నవంబరు 12న హైదరాబాద్‌లో వేరే సంధి రాసుకున్నారు. దాని ప్రకారం రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి మూడింటికీ కలిపి ఏటా 5 లక్షలు, శ్రీకాకుళానికి 2, గుంటూరుకు 2, మొత్తం 9 లక్షలు కంపెనీ నిజాంకు కట్టాలి. బాదుషా ఉచితంగా ఇచ్చాడన్నదానికి అద్దె ఒప్పుకున్నారన్నమాట. అందులోనూ గుంటూరును నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ బతికున్నంతకాలం ముట్టకూడదు. ఆయన 1782లో పోయాడు. అయినా ఊరు కంపెనీ చేతికొచ్చేసరికి 1788 అయింది. ఆ రెండో సంధి రోజున గనక పత్రిక వేస్తే, నా బ్యానర్ ఇదే అవుతుంది, అలహాబాద్ లోపలి పేజీకి పోతుంది.

మొదటి పేజీ వార్తలకు ఫాలోఅప్ ఉండాలి కదా. 1772లో షా ఆలం మరాఠాల తోడుతో ఢిల్లీ చేరాక కంపెనీ 26 లక్షలు కట్టడం మానేసింది. 1773లో అలహాబాద్, కోరాలను తిరిగి షుజా ఉద్దౌలాకే అమ్మేసింది. ఆ వెల కూడా 50 లక్షలే. మన సర్కార్ల అద్దె మాత్రం తగ్గుతూ, బకాయిపడుతూ చాలాకాలం నడిచింది. 1823లో ఒక్కసారే సొమ్ము చెల్లించి కంపెనీ నిజాం హక్కును తెంపేసుకుంది.