ఆలస్యానికి కారణం రాయా, నిర్ణయమా?

1997 సెప్టెంబరు చివర్లో దక్షిణ స్వీడన్‌లోని బోస్టాడ్ ప్రాంతంలో చేపలు చచ్చి నీళ్లపై తేలాయి. వాగు నీళ్లు తాగిన ఆవులు కాళ్లు పట్టుతప్పి కూలబడ్డాయి. పక్కనే హాలండ్సోస్ గుట్ట కింద రైలు సొరంగం తవ్వుతున్న కార్మికులకు చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కాయి. అక్టోబరు మొదట్లో పని ఆగిపోయింది. 1992లో మొదలై 1990ల మధ్యకల్లా ముగియాల్సిన ఆ సొరంగంలో తొలి రైలు నడిచింది 2015 డిసెంబరులో. సుమారు 100 కోట్ల క్రోనార్లనుకున్న ఖర్చు 1,000 కోట్లు దాటింది.

ఇంత ఆలస్యానికి కారణమేమిటి? గుట్టలో నీళ్లున్నాయన్నది అందరూ చెప్పే జవాబు. అది నిజమే కానీ సగం జవాబు. ప్రభుత్వం వేసిన విచారణ కమిషన్ 1998లోనే మిగతా సగాన్నీ తవ్వి చూసింది. సాంకేతిక కారణాలనూ యాజమాన్య కారణాలనూ విడదీసి చదువుకోవడానికి హాలండ్సోస్ మంచి ఉదాహరణ.

ముందు భూమి సంగతి. గోథెన్‌బర్గ్, మాల్మో నగరాలను కలిపే మార్గంలో 8.7 కిలోమీటర్ల పొడవున రెండు సమాంతర సొరంగాలు తవ్వాలి. అక్కడి రాయి ఒకచోట గట్టిగా ఉంటే, మరోచోట పగుళ్లతో నిండి మట్టిలా మెత్తబడి ఉంటుంది. ఆ పగుళ్ల నిండా ఒత్తిడితో ఉన్న భూగర్భ జలం. మొదట గట్టి రాతికి పనికొచ్చే ఓపెన్ టీబీఎంను దించారు. అది ఇరవై మీటర్లయినా తవ్వకముందే మెత్తటి నేలలో చిక్కుకుంది. దాంతో డ్రిల్లింగ్, బ్లాస్టింగ్ పద్ధతికి మారారు. తవ్వేకొద్దీ నీళ్లు సొరంగంలోకి కారాయి, పైన రైతుల బావులు ఎండిపోయాయి. నీటి ఊట కోర్టు పెట్టిన పరిమితిని దాటింది.

ఇక గ్రౌటింగ్ సంగతి చూస్తే రెండు రకాల కారణాలు ఎక్కడ విడిపోతాయో తెలుస్తుంది. పగుళ్లు మూయడానికి సిమెంటు పాలు ఎక్కించారు. సన్నటి పగుళ్లలోకి సిమెంటు రేణువులు దూరవు. అందుకని అక్రిలమైడ్ ఉన్న రోకా-గిల్ అనే రసాయన ద్రవాన్ని సుమారు 1,400 టన్నుల మేర పంపు చేశారు. అది రాతిలో గడ్డకట్టి నీటిని ఆపాలి. కానీ పారే నీటిలో అది పలచబడి, కొంత గడ్డకట్టకుండానే కొట్టుకుపోయింది. నరాలకు విషమైన అక్రిలమైడ్ వాగుల్లో కలిసింది.

సిమెంటు దూరకపోవడం, ద్రవం గడ్డకట్టకపోవడం సాంకేతిక కారణాలు. అయితే అక్రిలమైడ్ విషమన్న సంగతి అప్పటికే తెలిసినదే. అలాంటి రసాయనాన్ని వందల టన్నుల్లో వాడేముందు అక్కడి పారే నీటిలో అది ఎలా ప్రవర్తిస్తుందో పరీక్షించాల్సింది. బయటికి వచ్చే నీటిని మొదటి రోజు నుంచే విశ్లేషించాల్సింది. కార్మికుల చర్మానికి తగలకుండా చూడాల్సింది. పనులు చేయించే రైల్వే సంస్థ, కాంట్రాక్టరు, రసాయనం అమ్మిన కంపెనీ ముగ్గురూ ఉన్నా, ఈ జాగ్రత్తల పూచీ ఎవరిదో తేలలేదు. గడువు వెంటాడుతుంటే పర్యావరణం వెనకబడింది. ఇవి యాజమాన్య కారణాలు.

రెంటినీ వేరుచేయడానికి ఒక ప్రశ్న చాలు: ఆ రోజున చేతిలో ఉన్న సమాచారంతోనే వేరే నిర్ణయం సాధ్యమయ్యేదా? సాధ్యమయ్యేదైతే ఆ తప్పును రాతి మీదికి నెట్టడం కుదరదు. ఓపెన్ టీబీఎం చిక్కుకోవడాన్నీ ఇలాగే పరీక్షించవచ్చు. మెత్తటి నేలలో దాని గ్రిప్పర్ల పట్టు జారడం సాంకేతిక విషయం. పగుళ్ల గుట్టకు ఆ రకం యంత్రాన్ని ఎంచుకోవడం నిర్ణయం.

ఆగిపోయేనాటికి సుమారు మూడోవంతు పని అయింది. మళ్లీ మొదలుపెట్టినప్పుడు రెండు వైపులా దిద్దుకున్నారు. కొత్త పర్యావరణ అనుమతి తీసుకుని నీటి మీద నిఘా పెట్టారు. ఓసా అనే షీల్డ్ టీబీఎం తెచ్చారు. అది తవ్వుతూనే వెనక కాంక్రీటు సెగ్మెంట్లను రింగులుగా బిగించి, వాటి సందుల్లోని రబ్బరు పట్టీలతో నీటిని ఆపుతుంది. అన్నిటికంటే ఎక్కువగా చితికిన మోలెబాక్ పొర దగ్గర నేలను ముందే గడ్డకట్టించి గట్టిపరిచారు.

అయినా 2005లో పని మొదలుపెట్టిన ఓసా మొదటి సొరంగం దాటడానికి 2010 ఆగస్టు పట్టింది. రెండోది 2013లో పూర్తయింది. పదునైన రాయి కట్టర్లను అరగదీసింది, నీటి ఒత్తిడి వేగాన్ని తగ్గించింది. యాజమాన్యం సరిదిద్దుకున్నాక కూడా గుట్ట తన వంతు సమయాన్ని తీసుకుంది. ఈ రెండో దశను పక్కన పెట్టుకుని చూస్తేనే, 1992 నుంచి పోయిన కాలంలో భూమి వాటా ఎంతో, మనుషుల వాటా ఎంతో అంచనా వేయగలుగుతాం.